నర్సింగ్ ఇంటర్వ్యూల "నర్స్ ఎందుకు కావాలనుకుంటున్నవ్?" అని అడిగితే ఏం చెప్పాలె, ఎట్ల తయారు కావాలె

ఇంటర్ బైపీసీ రిజల్ట్స్ వచ్చినయంటే చాలు మా ఇంటికి ఫోన్లు మొదలైతయ్. "అక్కా మా పాపకి నర్సింగ్ ఇంటర్వ్యూ ఉన్నదట, ఏం అడుగుతరు, ఏం బుక్ చదవాలె" అని. నేను హన్మకొండల ఉంటా, చానా ఏండ్లు వార్డుల స్టాఫ్ నర్సుగా చేసి ఇప్పుడు ట్యూటర్‌గా చేస్తున్న, ఇంటర్వ్యూ ప్యానెల్ల కూడా కూసుంట. బుక్ చదివితే వచ్చే ఇంటర్వ్యూ గాదిది, బయాలజీ ప్రశ్నలు ఒకటో రెండో అడుగుతరు అంతే. పిల్లలు ఆగిపోయేది "ఎందుకు నర్స్ కావాలనుకుంటున్నవ్" దగ్గర, దాని తర్వాత వచ్చే రెండు మూడు ఎదురు ప్రశ్నల దగ్గర. అందుకే ఇక్కడ దాని గురించే చెప్తా.

ముందు మీకు ఇంటర్వ్యూ ఉన్నదో లేదో చూసుకోండి

ఇది చానామందికి తెల్వదు. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ కన్వీనర్ కోటా సీట్లకి ఇంటర్వ్యూ ఉండది, ఎప్‌సెట్ ర్యాంకు మీద కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వాళ్లు వెబ్ ఆప్షన్లు పెట్టిస్తరు, సర్టిఫికెట్లు చూస్తరు, సీటు అలాట్ చేస్తరు. ఇంటర్వ్యూ ఎక్కడ వస్తది అంటే, కొన్ని ప్రైవేట్ కాలేజీలు సీటు ఇచ్చే ముందు పిలిచి మాట్లాడినప్పుడు, మిషన్ హాస్పిటళ్ల నర్సింగ్ స్కూళ్లల్ల, వేరే రాష్ట్రాల కాలేజీలకి పెట్టుకున్నప్పుడు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్ వాళ్ల బీఎస్సీకి కూడా ఉంటది, అది ఆడపిల్లలకే, నీట్ స్కోర్ చూసి పిలుస్తరు, వాళ్ల పరీక్ష రాయించి తర్వాత ఇంటర్వ్యూ, మెడికల్ పెడ్తరు. ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం నోటిఫికేషన్ చూసుకోవాలె, పోయినేడు పక్కింటమ్మాయి చెప్పిందని నమ్ముకోవద్దు.

మామూలుగా ప్యానెల్ల ప్రిన్సిపాల్ మేడం, ఒకరిద్దరు ట్యూటర్లు ఉంటరు, హాస్పిటల్ ఉన్న కాలేజీ అయితే నర్సింగ్ సూపరింటెండెంట్ కూడా వస్తరు. పది పదిహేను నిమిషాల పని. సూపరింటెండెంట్ ఉన్నరంటే వార్డు ప్రశ్నలు గ్యారంటీ.

"చిన్నప్పటి సంది సేవ చేయాలని ఉంది" అనే మాట తీసేయండి

పొద్దుగాల నుంచి పదిమందిని చూస్తే ఎనిమిది మంది ఇదే చెప్తరు. చిన్నప్పటి నుంచి సేవాభావం, నర్సింగ్ ఒక గొప్ప వృత్తి, ఫ్లోరెన్స్ నైటింగేల్ నా ఆదర్శం. నైటింగేల్ అన్నావా, వెంటనే "ఆమె ఏం చేసింది" అని అడుగుతరు. "దీపం పట్టుకుని తిరిగింది" అంటే సరిపోదు, క్రిమియా యుద్ధంల, 1854 సంది, గాయపడ్డ సిపాయిల వార్డుల్లో శుభ్రం, గాలి వెలుతురు మీద కొట్లాడింది, ఎంతమంది ఎందుకు చనిపోతున్నరో లెక్కలు రాసి పెట్టింది. ఇది చెప్పగలిగితే పేరు తియ్యండి, లేకుంటే వద్దు.

మీ జవాబు బాగుందా లేదా తెల్సుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. ఆ వాక్యం మీ క్లాసుల ఇంకో అమ్మాయి కూడా ఉన్నదున్నట్టు చెప్పగలదా? చెప్పగలిగితే అది మీ జవాబు గాదు, కొట్టేయండి. మిగిలేది ఏందంటే మీరు కండ్లతో చూసిన, చేతులతో చేసిన ఒక సంఘటన. ఒక్కటి చాలు, మొత్తం ఇంటర్వ్యూ దాని మీద నడుస్తది.

ఆ ఒక్క సంఘటన ఎట్ల బయటికి తీయాలె

పోయినేడు పరకాల దిక్కు ఊరి నుంచి ఒక పిల్ల వచ్చింది మా ఇంటికి, మా చెల్లె ఆడబిడ్డ బిడ్డ. మా కాలేజీకి గాదు, వేరే దానికి ఇంటర్వ్యూ, జర ప్రాక్టీస్ చేయించమని తీసుకొచ్చిన్రు. వంటింట్లో కూసోబెట్టి చిక్కుడుకాయ తుంచుకుంట అడిగిన, నర్స్ ఎందుకు బిడ్డా అని.

"మా నాయనమ్మకి బాగలేనప్పుడు నర్సులు మంచిగ చూసుకున్నరు అత్తమ్మా, అప్పటి సంది నర్స్ కావాలనుకున్న."

"ఏం చూసుకున్నరు?"

"ఇంజక్షన్లు ఇచ్చిన్రు, సెలైన్ పెట్టిన్రు."

"నువ్వేం చేసినవ్?"

"సేవ చేసిన."

ఇగ ఆగిపోయింది. ఇంటర్వ్యూల కూడా సరిగ్గ ఇక్కడనే ఆగిపోతరు. ప్యానెల్ వాళ్లు ఎదురు ప్రశ్న వేయకుండా "సరే, నెక్స్ట్" అని ఫైల్ తిప్పిన్రంటే మీ జవాబుల పట్టుకోనీకి ఏం దొరకలేదని అర్థం, సంతోషపడొద్దు. అడుగుతున్నరంటేనే ఇంట్రెస్ట్ ఉన్నట్టు.

నేను ఆ పిల్లని గంటసేపు అడిగిన, ఎన్ని రోజులు ఉన్నరు, రాత్రి ఎవరు పడుకున్నరు, ఏం తినిపించిన్రు, ఏ వాసన వచ్చేది, నీకు ఎప్పుడు భయమైంది అని. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. నాయనమ్మకి పక్షవాతం, కుడి దిక్కు పడిపోయింది, మాట పోయింది. వాళ్లమ్మ పత్తి ఏరనీకి పోవాలె, కూలి పోతది, అందుకని పదకొండు రోజులు ఈ పిల్లనే ఉంది వార్డుల. మొదటి రోజు పడుకోబెట్టి గ్లాసుతో నీళ్లు తాపింది, ముసలామె ఒకటే దగ్గుడు, ముఖం నల్లబడ్డది. సిస్టర్ ఉరికొచ్చి లేపి కూసోబెట్టింది. పక్షవాతం వచ్చినోళ్లకి మింగుడు సరిగ్గ ఉండది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతయ్, డాక్టర్ చూసి చెప్పేదాకా నోటికి ఏం ఇయ్యొద్దు అని చెప్పిందట. తర్వాత ముక్కుకి ట్యూబ్ వేసిన్రు.

ఇంకోటి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలె అని సిస్టర్ ఒక కాగితం మీద ఎడమ, వెల్లకిల, కుడి అని టైములు రాసి మంచం పక్కన గోడకి అంటించింది. ఈ పిల్ల ఫోన్ల అలారం పెట్టుకుని తిప్పేది. నాలుగో రాత్రి నిద్రపట్టి లేవలేదు. పొద్దుగాల నాలుగింటికి సిస్టర్ వచ్చి చూస్తే నడుము కింద, వెన్నెముక చివర ఎముక ఉంటది కదా అక్కడ, రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి తీసి చూపించిందట, "చూడు, నొక్కి తీస్తే తెల్లగ అయ్యి మళ్ల ఎర్రబడాలె, ఇది నొక్కినా ఎర్రగనే ఉన్నది, అంటే పుండు మొదలైనట్టు" అని. తిట్టలేదట. ఆ దిక్కు పండబెట్టకుండా చూసుకుంటే కొన్ని రోజులకి తగ్గిపోయింది.

ఇంత కథ లోపల పెట్టుకుని "సేవ చేసిన" అంటది! నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలేదు.

మీరు కూడా ఇట్లనే చేయండి. ఇంట్ల ఎవరన్నా పెద్దోళ్లని, స్టాఫ్ నర్సో ఆశా వర్కరో అయితే ఇంకా మంచిది, ఎదురుంగ కూసోబెట్టుకుని అడిగించుకోండి. హాస్పిటల్ల ఉండే ఉండాలని ఏం లేదు. తాతకి షుగర్ ఉండి కాలి పుండుకి దినాం డ్రెస్సింగ్‌కి పీహెచ్‌సీకి తీసుకపోయినా అదే, తమ్మునికి విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం లీటర్ నీళ్లల్ల కలిపి తాపినా అదే. కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి: ఏం జరిగింది, నేను ఏం చేసిన, ఏం తప్పు చేసిన లేకుంటే ఏం తెల్వలేదు, దాని సంది ఏం మారింది. మూడోదాన్ని దాచిపెట్టొద్దు, ప్యానెల్ల కూసున్నోళ్లకి అదే ఎక్కువ నచ్చుతది, తప్పు ఒప్పుకునే పిల్లకే రేపు మందు డోసు తేడా వచ్చినా వచ్చి చెప్పే ధైర్యం ఉంటదని మాకు తెల్సు.

లేని కథ కల్పించొద్దు. ఒకరు యాక్సిడెంట్ అయినోళ్లని కాపాడిన అన్నరు, రక్తం కారుతుంటే ఏం చేసినవ్ అంటే గట్టిగ నొక్కిపట్టాలె అన్నది కూడా తెల్వదు. రెండో ప్రశ్నకే బయటపడ్డది.

మొదటి మోడల్ జవాబు

ఆ పిల్ల రెండు రోజులకి తయారు చేసుకున్నది ఇది, నేను వాక్యాలు కుదించిన అంతే:

"మేడం, నేను ఇంటర్ ఫస్టియర్ల ఉన్నప్పుడు మా నాయనమ్మకి పక్షవాతం వచ్చి పదకొండు రోజులు వార్డుల ఉన్నం, రాత్రుళ్లు నేనే ఉన్న. మొదటి రోజు తెల్వక పడుకోబెట్టి నీళ్లు తాపిన, ఆమెకి దగ్గు వచ్చి ఊపిరాడలేదు. సిస్టర్ వచ్చి ఎందుకు తాపొద్దో చెప్పింది. తర్వాత రెండు గంటలకోసారి పక్క తిప్పుడు నేర్పింది. ఒక రాత్రి నేను నిద్రపోయిన, తెల్లారేసరికి నడుము దగ్గర ఎర్రబడ్డది. సిస్టర్ వేలితో నొక్కి చూపించింది. మందు ఎంత ముఖ్యమో టైంకి పక్క తిప్పుడు కూడా అంతే ముఖ్యమని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పని ఎందుకు చేస్తరో తెల్సుకుని చేయాలని నర్సింగ్‌కి వచ్చిన."

ఒక నిమిషంల అయిపోతది. పొడుగు కావొద్దు, వాళ్లు అడగనీకి ఏదన్న మిగలాలె. ఇంగ్లీష్ల చెప్పమంటే చిన్న చిన్న వాక్యాలల్ల చెప్పండి, మధ్యల ఆగిపోతే "మే ఐ సే దిస్ పార్ట్ ఇన్ తెలుగు మేడం" అని అడగండి, తప్పేం లేదు. బట్టీ పట్టిన ఇంగ్లీష్ కంటే అది వంద రెట్లు నయం.

ఎదురు ప్రశ్నలు, అసలు ఆట ఇక్కడుంది

"మీ నాయనమ్మ కాబట్టి చేసినవ్. సంబంధం లేని మనిషికి చేస్తవా? మలం మూత్రం ఎత్తుతవా?"

ఇది దాదాపు అందర్నీ అడుగుతరు. "నాకేం అసహ్యం ఉండదు మేడం, అమ్మలెక్క చూసుకుంటా" అంటరు పిల్లలు, ఎవరూ నమ్మరు. అసహ్యం అందరికీ ఉంటది, నాకు కూడా మొదటి పోస్టింగ్ల వాంతి వచ్చింది. ఆ పిల్ల చెప్పింది:

"పక్క బెడ్ల ఒక ముసలమ్మ ఉండే మేడం, వాళ్ల కొడుకు రాత్రే వచ్చేది. ఒకసారి పక్కల్నే అయిపోయింది, ఆమె సిగ్గుతో దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. నాకు వాసనకి కడుపుల తిప్పింది, అబద్ధం చెప్పను. నేను పోయి సిస్టర్‌ని పిలిచిన, ఆమె కర్టెన్ వేసింది, నేను గోరువెచ్చని నీళ్లు తెచ్చిచ్చిన. సిస్టర్ ముక్కు మూసుకోలేదు, ఆమెతోటి ఊరి ముచ్చట మాట్లాడుకుంట చేసింది. నాకు అలవాటు కావాల్సిన పని అది, గ్లౌజులేసుకుని చేస్తా."

కర్టెన్ వేసుడు, ముచ్చట పెట్టుడు, ఈ రెండు మాటలతోనే కంపాషన్ గురించి అడగాల్సింది అయిపోయింది. జాలికి, దీనికి తేడా ఏందని అడిగితే కూడా ఇదే ఉదాహరణ వాడుకోవచ్చు: జాలి అంటే "అయ్యో పాపం" అని దూరం నుంచి చూసుడు, ఇది ఆమె సిగ్గు ఏందో అర్థం చేసుకుని కర్టెన్ వేసుడు.

"ఎంబీబీఎస్ సీటు రాలేదనే కదా వచ్చినవ్?"

నీట్ రాసిన పిల్లలకి తప్పకుండా వస్తది. రాయలేదని అబద్ధం ఆడొద్దు, చిన్నబోవద్దు. "అవును మేడం, నీట్ రాసిన, సీటు వచ్చే స్కోర్ రాలేదు. అయితే వార్డుల చూసినప్పుడు డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి పోతరు, రాత్రంతా పేషెంట్ పక్కన ఉండేది నర్సు. ఆ పని నేను దగ్గర నుంచి చూసిన, చేయగలనని అనిపించింది. మళ్లీ లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పోవట్లే, ఇంట్ల కూడా చెప్పేసిన." ఆఖరి వాక్యం మర్చిపోవద్దు, వచ్చే ఏడు మధ్యల వదిలేసి పోతవేమో అన్నదే వాళ్ల అసలు భయం.

"నర్సింగ్ చేసి గల్ఫ్‌కో జర్మనీకో పోవాలనా?" అని కూడా అడుగుతరు, మన దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌ల ఉంటరు కదా, విదేశాల ఉద్యోగాలకి పంపే మన సర్కారు సంస్థ టామ్‌కామ్ వాళ్లు జర్మన్ భాష నేర్పించి పంపుడు కూడా పిల్లలకి తెల్సు. పోవాలనుకుంటే పోవాలని ఉంది అనండి, అయితే ముందు ఇక్కడ వార్డుల పనిచేసి చెయ్యి తిరగాలె అని చెప్పండి. పైసల ముచ్చటే మొదటి కారణంగా పెట్టొద్దు, అట్లని జీతం అవసరమే లేదన్నట్టు కూడా మాట్లాడొద్దు, అదీ నమ్మరు.

"ఇట్లయితే ఏం చేస్తవ్" టైపు ప్రశ్నలు

వీటికి ఒక తాళంచెవి ఉంది, మీరు ఇంకా స్టూడెంట్. సొంతంగా వైద్యం చేసేసినట్టు చెప్తే మార్కులు పోతయ్. చూడాలె, పేషెంట్‌ని ఒంటరిగ వదలొద్దు, స్టాఫ్ నర్సుకి చెప్పాలె.

ఒకటి, అటెండర్ తాగొచ్చి "మా నాయనని ఎవరూ చూస్తలేరు" అని మీ మీద అరుస్తుండు. "ఓపికగా నవ్వుతూ సమాధానం చెప్తా" అనొద్దు, అరుస్తున్నోళ్ల ముందు నవ్వితే ఇంకా కోపం వస్తది. ఇట్ల చెప్పొచ్చు: "నేను వాదించను మేడం. 'అన్నా, మీ నాయనకి ఇప్పుడు ఏం ఇబ్బంది ఉంది' అని అడుగుతా, ఎందుకంటే తాగినా సరే ఆయన చెప్పేదాంట్ల నిజం ఉండొచ్చు, సెలైన్ అయిపోయిందేమో, నొప్పి ఉందేమో. పోయి పేషెంట్‌ని చూస్తా, సిస్టర్‌కి చెప్తా. మీదికి వస్తే మాత్రం వెనక్కి జరిగి సెక్యూరిటీని పిలుస్తా."

రెండు, ఒకేసారి ఇద్దరు పిలిచిన్రు, ఒకాయన నొప్పి అని గట్టిగ అరుస్తుండు, ఇంకొకాయన సప్పుడు లేకుండా ఆయాసపడుతుండు. చానామంది అరిచినాయన దగ్గరికి పోతమంటరు. ఊపిరి కష్టమున్నాయన దగ్గరికే ముందు పోవాలె, లేపి ఒరిగేటట్టు కూసోబెట్టాలె, అక్కడ్నుంచే సిస్టర్‌ని పిలవాలె. పోయేముందు నొప్పితో అరుస్తున్న ఆయనకి "వస్తున్నా తాతా, సిస్టర్‌కి చెప్తున్నా" అని ఒక్క మాట చెప్పాలె. ఆ ఒక్క మాట చెప్తరా లేదా అని మేము చూస్తం.

మూడోది కష్టమైంది. క్యాన్సర్ ఉన్న పెద్దమనిషి, కొడుకులు ఆయనకి చెప్పొద్దన్నరు. రాత్రి ఆయన చెయ్యి పట్టుకుని "నాకేమైంది బిడ్డా, ఎవ్వరూ చెప్తలేరు" అంటుండు. "ఏం కాలేదు, తగ్గిపోతది" అంటే అబద్ధం, జబ్బు పేరు చెప్పేసుడు స్టూడెంట్ పని గాదు. ఒక పిల్ల నా ముందే చెప్పిన జవాబు ఇప్పటికీ యాదికుంది: "పక్కన కూసుంటా మేడం. 'నీకేం అనిపిస్తుంది తాతా' అని అడుగుతా, ఆయన చెప్పింది వింటా. 'నేను చదువుకునే పిల్లని, నాకు మొత్తం తెల్వదు, మీరు అడుగుతున్నరని డాక్టర్‌కి, సిస్టర్‌కి పొద్దుగాల చెప్తా' అంటా. తప్పకుండా చెప్తా." ఆ తప్పకుండా అన్నది విని ప్రిన్సిపాల్ మేడం పెన్ను పక్కన పెట్టింది.

ప్రాక్టీస్, ఆ రోజు

వారం పది రోజులు చాలు. జవాబు బట్టీ పట్టకుండా రోజుకి ఒకసారి కొత్త మాటలతో చెప్పండి, ఫోన్ల రికార్డ్ చేసుకుని వినండి. రెండుసార్లు ఒకే వాక్యం ఉన్నదున్నట్టు వచ్చిందంటే బట్టీ వాసన వస్తున్నట్టు, ఇంట్లోళ్లని మధ్యల అడ్డం పడి ప్రశ్న వేయమనండి.

బట్టలు సాదాగ ఉండాలె, జడ వేసుకోండి, గోర్లు తీసుకోండి, నర్సులం కదా ముందు గోర్లే చూస్తం. భూపాలపల్లి, ములుగు దిక్కు నుంచి వచ్చేటోళ్లు పొద్దుగాల మొదటి బస్సుకే బయలెల్లండి.

చివర్ల "నువ్వు ఏమన్న అడుగుతవా" అంటరు. "లేదు మేడం" అనకుండా ఇది అడగండి: "ఫస్టియర్ల వార్డు పోస్టింగ్ ఏ హాస్పిటల్ల ఉంటది మేడం, ఎన్ని బెడ్లు?" జవాబు నసిగిన్రంటే మీకే అర్థమైతది ఆ కాలేజీ సంగతి, పేషెంట్లు లేని చోట నర్సింగ్ రాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ వెబ్‌సైట్ల ఆ కాలేజీ పేరు ఉందో లేదో ఇంటికాడనే చూసుకుని పోండి. ఒకచోట మా చుట్టాలపిల్ల ఇంటర్వ్యూ రోజే మెమో, టీసీ ఒరిజినల్స్ ఇచ్చేసి వచ్చింది, తర్వాత వేరే కాలేజీల సీటు వస్తే అవి వాపస్ తీసుకోనీకి నెల రోజులు తిరిగిన్రు. ఒరిజినల్స్ చూపించండి, జిరాక్స్‌లు ఇవ్వండి, సీటు ఖాయమై ఫీజు కట్టి రసీదు చేతికొచ్చేదాకా ఫైలు మీ చంకలనే ఉండాలె.